ఉల్లిగడ్డ ఎర్రబడటానికి అంత సేపెందుకు?

"ఉల్లిగడ్డలు వేసి ఐదు నిమిషాలు ఎర్రగా వేయించుకోవాలి" అని వంటల వీడియోల్లో తరచూ వినిపిస్తుంది. ఆ మాట నమ్మి, హైదరాబాదీ దమ్ బిర్యానీ కోసం కిలో ఉల్లిగడ్డలు తరిగి కడాయిలో వేసినవాళ్లకు ఐదో నిమిషంలో కనిపించేది తెల్లగా, తడితడిగా ఉన్న కుప్ప మాత్రమే. మంట పెంచితే అంచులు నల్లబడతాయి, మధ్యలో తెల్లగానే ఉంటుంది. వాళ్ల చేతిలో లోపమేమీ లేదు. తప్పంతా వీడియో చెప్పిన సమయంలోనే ఉంది. వెడల్పాటి కడాయిలో కొద్దిగా నూనె వేసి కిలో ఉల్లిగడ్డను సమానంగా ఎర్రబరచాలంటే ఇంటి స్టవ్ మీద ముప్పావు గంట నుంచి గంట దాకా పడుతుంది. ఉల్లిగడ్డలో ఉన్న నీళ్లే దీనికి కారణం. మంట, ఉప్పు, చక్కెర ఏ మేరకు పనిచేస్తాయన్నది తెలియాలన్నా ముందు ఆ నీళ్ల లెక్క చూడాలి.

పొట్టు తీసిన కిలో ఉల్లిగడ్డలో దాదాపు 890 గ్రాములు నీళ్లే. మిగిలిన దాంట్లో రకరకాల చక్కెరలు 40 నుంచి 50 గ్రాములు, ప్రొటీన్లు పది గ్రాములకు కాస్త అటూఇటూ ఉంటాయి, మిగతాది పీచు, ఇతర పదార్థాలు. ముదురు ఎరుపు రంగు వచ్చేసరికి ఆ కిలో సుమారు 300 గ్రాములకు తగ్గుతుంది. అంటే 700 గ్రాముల నీరు ఆవిరైపోవాలి. నీటిని మరిగేదాకా వేడి చేయడం తేలికే. మరిగిన నీటిని ఆవిరిగా మార్చడానికే చాలా ఎక్కువ వేడి కావాలి. గ్రాముకు దాదాపు 2,260 జౌళ్లు. మొత్తం కలిపి చూస్తే ఈ కిలో ఉల్లిగడ్డకు దాదాపు 1,870 కిలోజౌళ్ల వేడి అందాలి. మన కరెంటు బిల్లు లెక్కలో అది అర యూనిట్ పైచిలుకు. అందులో ఐదింట నాలుగు వంతులకు మించి కేవలం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది.

ఇప్పుడు స్టవ్ సంగతి. ఇంట్లో గ్యాస్ స్టవ్ పెద్ద బర్నర్ నిండుగా మండితే సుమారు రెండు కిలోవాట్ల వేడి ఇస్తుందనుకుందాం. మూత లేని వెడల్పాటి కడాయిలో అందులో సగం పక్కలకు, గాలిలోకి పోతుంది. మిగిలిన ఒక కిలోవాట్‌తో 1,870 కిలోజౌళ్లు అందించాలంటే అరగంట పైనే పడుతుంది. అది కూడా మంట మొదటి నుంచి చివరి దాకా పెద్దగానే ఉంటే. చివర్లో మంట తగ్గించక తప్పదు కాబట్టి అరగంట కాస్తా ముప్పావు గంట, గంట అవుతుంది. పెళ్లి వంటల దగ్గర, హోటళ్లలో ఇదే పని త్వరగా అయిపోతుందంటే అక్కడి భట్టీ మంట మన స్టవ్‌కు ఎన్నో రెట్లు పెద్దది. వంటవాళ్ల దగ్గర రహస్యమేదైనా ఉందేమోనని వెతకాల్సిన పని లేదు.

నీళ్లు ఉన్నంతసేపు రంగు ఎందుకు రాదన్నది అసలు ప్రశ్న. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న హైదరాబాద్‌లో నీరు దాదాపు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. కడాయిలో నీళ్లు తేలుతున్నంతసేపు ఉల్లిగడ్డ అంతకు మించి వేడెక్కదు. కింద మంట ఎంత పెంచినా ఆ వేడంతా ఆవిరిని వేగంగా పుట్టించడానికే పోతుంది. రంగు తెచ్చే రసాయన చర్యలు ఈ వేడిలో చాలా నెమ్మదిగా సాగుతాయి.

ఆ చర్యలు ముఖ్యంగా రెండు. ఒకటి, చక్కెరలు, ప్రొటీన్ల భాగాలైన అమైనో ఆమ్లాలు కలిసి గోధుమ రంగును, వేపుడు వాసనను ఇచ్చే చర్య. 1912లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త లూయీ కమీయ్ మయార్ దీన్ని వివరించాడు కాబట్టి అది ఆయన పేరుతోనే ప్రసిద్ధి. రెండోది, చక్కెర ఒక్కటే వేడికి విరిగి రంగు మారడం, అంటే క్యారమెల్ అవడం. "క్యారమలైజ్డ్ ఆనియన్స్" అన్న పేరు విని రంగంతా రెండో దాని పుణ్యమే అనుకుంటాం గానీ, ఉల్లిగడ్డలో మొదటి చర్య వాటా చాలా పెద్దది. అది 120 డిగ్రీలు దాటాక చకచకా సాగుతుంది. వేడి ప్రతి పది డిగ్రీలు పెరిగేకొద్దీ దాని వేగం రమారమి రెట్టింపు అవుతుందనుకుంటే, 98 నుంచి 128కి చేరేసరికి ఎనిమిది రెట్లవుతుంది. క్యారమెల్ చర్యకు మామూలు చక్కెర అయితే 160 డిగ్రీలు కావాలి. ఉల్లిగడ్డలో సహజంగా ఉండే ఫ్రక్టోజ్ మాత్రం 110 డిగ్రీల దగ్గరే మొదలుపెడుతుంది. ఈ రెండు చర్యలకూ నీళ్లు పోవడమే షరతు. అందుకే మొదటి అరగంటలో దాదాపు ఏమీ జరగనట్టు ఉండి, చివరి పది నిమిషాల్లో రంగంతా ఒక్కసారి వచ్చేస్తుంది. స్టవ్ వదిలి పక్కకు వెళ్తే ఉల్లిగడ్డ మాడేది కూడా సరిగ్గా ఈ పది నిమిషాల్లోనే.

తీపి ఎక్కడి నుంచి వస్తుందన్నదీ ఇందులోనే ఉంది. కిలోలో 45 గ్రాముల చక్కెర ఉన్నప్పుడు అది నాలుగున్నర శాతమే. పైగా ఘాటు ముందుంటుంది కాబట్టి నాలుక ఆ తీపిని గమనించదు. బరువు 300 గ్రాములకు తగ్గాక, కొంత చక్కెర రంగుగా మారిపోయినా మిగిలింది పది శాతం దాటి ఉంటుంది. ఘాటు నిచ్చే గంధకపు పదార్థాలు చాలావరకు ఆవిరితోపాటు ఎగిరిపోయి ఉంటాయి. తీపి బయటపడటానికి ప్రధాన కారణం ఈ చిక్కబడటమే.

మలక్‌పేట మార్కెట్‌కు వచ్చే ఉల్లిగడ్డ అంతా ఒకలాంటిది కాదు. వానాకాలం పంటగా వచ్చే కర్నూలు ఉల్లిలో తడి ఎక్కువ, ఎక్కువ రోజులు నిలవ ఉండదు. ఎండాకాలంలో కోసి, ఆరబెట్టి, నెలల తరబడి నిలవ పెట్టిన మహారాష్ట్ర ఉల్లిలో తడి తక్కువ. నిలవలో ఉన్నప్పుడు దాని లోపలి పొడవైన చక్కెర గొలుసులు క్రమంగా ఫ్రక్టోజ్, గ్లూకోజ్‌లుగా విడిపోతాయి. రంగు చర్యలకు పనికొచ్చేవి ఇవే. అందుకే పొట్టు ఎండి గలగలమనే పాత గడ్డ త్వరగా ఎర్రబడుతుంది. ఇంట్లో కొలతలు అవే, స్టవ్ అదే, పోయినసారి కంటే పదిహేను నిమిషాలు ఎక్కువ పట్టిందంటే ముందు అనుమానించాల్సింది గడ్డనే.

మంట విషయంలో చాలామంది పాటించే పద్ధతి తలకిందులుగా ఉంటుంది. మొదటి నుంచీ సన్నటి మంట మీద పెడతారు, ఓపిక నశించాక చివర్లో పెంచుతారు. చేయాల్సింది దీనికి వ్యతిరేకం. కడాయిలో నీళ్లు ఉన్నంతసేపు ఉల్లిగడ్డను ఆ నీళ్లే కాపాడతాయి కాబట్టి మొదటి పదిహేను ఇరవై నిమిషాలు పెద్ద మంటే పెట్టవచ్చు. అడుగు నుంచి పైకి కలుపుతూ ఉంటే చాలు. కుప్ప ఎత్తుగా ఉన్నప్పుడు మొదటి ఐదారు నిమిషాలు మూత పెడితే పై ముక్కలు కూడా ఆవిరికి మగ్గి కిందికి దిగుతాయి. ఆ తర్వాత మూత తప్పక తీసేయాలి. లేదంటే ఆవిరి మూతకు తగిలి నీళ్లై మళ్లీ కడాయిలోకే పడుతుంది, అప్పటిదాకా ఖర్చు చేసిన గ్యాసంతా వృథా అవుతుంది.

మంట తగ్గించాల్సిన సమయం గడియారం చూసి కాక చెవితో తెలుసుకోవాలి. నీళ్లు ఉన్నంతసేపు బుడబుడమని మరిగే చప్పుడు, తెల్లటి ఆవిరి ఉంటాయి. నీళ్లు తగ్గేకొద్దీ ఆవిరి పలచబడి, చప్పుడు సన్నటి చిటపటగా మారుతుంది. అప్పటిదాకా తడిలో కలిసిపోయిన నూనె అంచుల వెంట విడిగా కనబడుతుంది. అడుగున లేత గోధుమ రంగు పొర అంటుకోవడం మొదలవుతుంది. అక్కడి నుంచి మంట మధ్యస్థం కన్నా తక్కువకు దించాలి. అడుగున అంటిన ఆ పొరే ఇప్పటిదాకా తయారైన రంగు, రుచి. రెండు చెంచాల నీళ్లు చిలకరించి గరిటెతో గీకితే అది కరిగి ముక్కలకు పడుతుంది. ఆ కొద్ది నీరు నిమిషంలోపే ఆవిరవుతుంది, పొర మాడకుండా ఆగుతుంది. చివర్లో ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే రంగు అన్ని ముక్కలకూ సమానంగా వస్తుంది. పొర నల్లబడ్డాక నీళ్లు చల్లితే మాత్రం చేదు కుప్పంతటికీ పాకుతుంది. కాబట్టి పొర ఇటుక రంగు దాటకముందే ఈ పని చేయాలి.

అంచులు నల్లబడి మధ్య తెల్లగా మిగిలితే రెండు కారణాలు ఉంటాయి. నీళ్లు పోయాక కూడా మంట తగ్గించకపోవడం ఒకటి, తరుగు సమానంగా లేకపోవడం రెండోది. కాగితంలా పలచటి ముక్క పక్కన మందపాటి ముక్క ఉంటే పలచటిది ముందే ఎండి, రెండోది ఇంకా మరుగుతుండగానే మాడిపోతుంది. నిలువుగా, ఒకే మందంలో కోయడానికి పెట్టే పది నిమిషాలు స్టవ్ దగ్గర తిరిగి వస్తాయి.

ఇక ఉప్పు. "ఉప్పు వేస్తే త్వరగా వేగుతాయి" అన్నది ప్రతి ఇంట్లో చెప్పే మాటే. అందులో సగం నిజం. ఉప్పు తగిలిన ముక్క లోపలి కణాల నుంచి నీరు బయటికి వస్తుంది, కణాల గోడలు మెత్తబడి ముక్క కూలుతుంది. ఎత్తైన కుప్ప త్వరగా కిందికి దిగుతుంది, ఎక్కువ ముక్కలు అడుగుకు తగులుతాయి. అంటే మగ్గడం కచ్చితంగా త్వరగా జరుగుతుంది. అయితే బయటికి వచ్చిన నీరు కడాయిలోనే ఉంది. ఆవిరి చేయాల్సిన ఆ 700 గ్రాముల్లో ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. ముక్కలు తమ నీళ్లలోనే కొంతసేపు ఉడుకుతాయి కాబట్టి మొదట్లో రంగు ఇంకాస్త ఆలస్యమైనట్టు కూడా కనిపిస్తుంది. ఉప్పు వల్ల నీరు మరిగే వేడి పెరుగుతుందనే వాదన కూడా ఇక్కడ నిలవదు. కిలో ఉల్లిగడ్డకు చెంచా ఉప్పు వేస్తే పెరిగేది డిగ్రీలో పదో వంతు మాత్రమే.

కాబట్టి కూర గ్రేవీ కోసం, సాలన్ కోసం ఉల్లిగడ్డ మెత్తగా కలిసిపోవాలనుకుంటే మొదట్లోనే ఉప్పు వేయడం మంచిది. ముక్క విడివిడిగా, కరకరలాడుతూ ఉండాలంటే మొదట్లో వేయకూడదు. పరిమాణంలో కూడా జాగ్రత్త కావాలి. చెంచా ఉప్పు ఆరు గ్రాములనుకుంటే, కిలో ఉల్లిగడ్డలో అది చప్పగానే ఉంటుంది. అదే ఉప్పు 300 గ్రాముల వేగిన ఉల్లిగడ్డలో రెండు శాతానికి చేరుతుంది, ఒట్టిగా తింటే బాగా ఉప్పగా తగులుతుంది. తర్వాత వేసే మసాలాలో, మాంసం నానబెట్టిన పెరుగులో కూడా ఉప్పు ఉంటుంది కాబట్టి మొదట్లో అర చెంచా మించకపోవడమే మేలు.

కొందరు ఉల్లిగడ్డకు ఉప్పు పట్టించి, పావుగంట ఆగి, గట్టిగా పిండి, ఆ తర్వాత నూనెలో వేయిస్తారు. ఇది నిజంగానే సమయం తగ్గిస్తుంది, ఎందుకంటే ఇప్పుడు నీళ్లు కడాయి బయటికే పోయాయి. కిలోకు 150 గ్రాముల నీరు పిండితే ఐదారు నిమిషాల పెద్ద మంట ఆదా అవుతుంది. కానీ పిండిన ఆ నీటిలో ఒట్టి నీరు మాత్రమే ఉండదు. ఉల్లిగడ్డలో కరిగి ఉన్న చక్కెరలు, అమైనో ఆమ్లాలు అందులో కొంత వెళ్లిపోతాయి. రంగు, తీపి పుట్టాల్సింది వాటి నుంచే. పిండిన ఉల్లిగడ్డ కరకరలాడుతుంది గానీ రుచి కాస్త పలచబడుతుంది. బిర్యానీ పైన చల్లుకోవడానికి ఇది పనికొస్తుంది. బిర్యానీ మసాలాకు రుచి నివ్వాల్సిన ఉల్లిగడ్డను మాత్రం పిండడం నష్టమే.

చక్కెర గురించి ప్రచారం ఇంకా ఎక్కువ. ఒక చిటికెడు వేస్తే ఉల్లిగడ్డ ఇట్టే ఎర్రబడుతుందంటారు. లెక్క వేసి చూస్తే, కిలో ఉల్లిగడ్డలో ముందే 45 గ్రాముల దాకా చక్కెర ఉంది. చిన్న చెంచా చక్కెర నాలుగు గ్రాములు. అంటే ఉన్నదానికి పదో వంతు కూడా కలవడం లేదు. పైగా మామూలు చక్కెర, అంటే సుక్రోజ్, మయార్ చర్యలో నేరుగా పాల్గొనలేదు. ముందు అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోవాలి. ఉల్లిగడ్డలోని కొద్దిపాటి పులుపు వల్ల, వేడి వల్ల ఆ విడిపోవడం కొంత జరుగుతుంది గానీ నెమ్మదిగా. విడిపోనిది 160 డిగ్రీల దాకా వేడెక్కితే తప్ప క్యారమెల్ కాదు. కాబట్టి తడి ఉల్లిగడ్డ మీద మొదట్లోనే చక్కెర వేయడం వల్ల సమయం ఏమీ కలిసిరాదు. నీళ్లు పోయి, ముక్కలు లేత బంగారు రంగుకు వచ్చాక వేస్తే తేడా కనిపిస్తుంది. అప్పుడు ముక్క పైపొర వేడెక్కి ఉంటుంది, చక్కెర దాని మీదే కరిగి మెరుపు, ముదురు రంగు ఇస్తుంది. కిలోకు అర చెంచా నుంచి ఒక చెంచా చాలు. వేశాక మంట తగ్గించి, ఆపకుండా కలపాలి. ఆ పొర బంగారు రంగు నుంచి నల్లటి చేదుకు చేరడానికి నిమిషం కూడా పట్టదు. చక్కెరకు బదులు అంతే గ్లూకోజ్ పొడి వేస్తే రంగు మరింత తొందరగా వస్తుంది, ఎందుకంటే అది విడిపోవాల్సిన పని లేకుండానే అమైనో ఆమ్లాలతో కలుస్తుంది. అంతే తొందరగా మాడుతుంది కూడా. మంచి పాత ఉల్లిగడ్డ దొరికినప్పుడు ఈ రెండూ అవసరం లేదు. నీళ్లెక్కువున్న కొత్త గడ్డతో రంగు పాలిపోయినప్పుడే వాటి వల్ల ఉపయోగం.

బిర్యానీకి వాడే వేపుడు ఉల్లిగడ్డను, అంటే బిరిస్తాను, నూనెలో ముంచి వేయిస్తారు కాబట్టి అక్కడ వేరే సూత్రం నడుస్తుందని అనిపిస్తుంది. సూత్రం అదే, వేడి అందే దారి మాత్రమే మారుతుంది. కడాయిలో ముక్కకు ఒక పక్కే వేడి తగులుతుంది, నూనెలో అన్ని వైపులా తగులుతుంది. అందుకే రంగు సమానంగా వస్తుంది. కానీ నూనెలో దాచుకున్న వేడి మనం ఊహించినంత ఉండదు. లీటరు నూనెను 170 డిగ్రీలకు కాచి అందులో ఉల్లిగడ్డ వేస్తే, అది 120 డిగ్రీలకు పడిపోయేలోపు ఇవ్వగలిగే వేడితో 40 గ్రాముల నీరు మాత్రమే ఆవిరవుతుంది. అరకిలో ఉల్లిగడ్డ ఒకేసారి వేస్తే అందులో 440 గ్రాముల నీరుంది. నూనె వెంటనే చల్లబడి, ముక్కలు వేగడం మాని నూనెలో ఉడుకుతాయి. నూనె పీల్చి, మెత్తగా, జిడ్డుగా మిగులుతాయి. లీటరు నూనెకు ఒక విడతలో 150 నుంచి 200 గ్రాములు మించకుండా వేయడం, వేశాక నురగ తగ్గేదాకా పెద్ద మంట ఉంచడం, నురగ పలచబడి ముక్కలు తేలికై పైకి లేచాక మంట తగ్గించడమే దీనికి దారి. విడతలన్నీ కలిపితే సమయం దాదాపు ముందు చెప్పుకున్నంతే అవుతుంది. బిరిస్తాకు ముందే చక్కెర కలపడం మాత్రం మంచి ఆలోచన కాదు. అది రాలి నూనెలో పడి మాడుతుంది, రెండో విడతకే నూనె నల్లబడి ముక్కలకు చేదు అంటుకుంటుంది.

నూనెలోంచి తీసే క్షణం మీదే చాలా ఆధారపడి ఉంటుంది. తీసిన ముక్క లోపల, దానికి అంటిన నూనెలో 150 డిగ్రీల దాకా వేడి ఉంటుంది, నీళ్లు లేవు కాబట్టి రంగు చర్యలు ఆగవు. కుప్పగా పోస్తే మధ్యలో వేడి నిలిచి ఇంకా ముదురుతాయి. కావాల్సిన రంగుకు ఒక మెట్టు ముందే జల్లి గరిటెతో తీసి, వెడల్పాటి పళ్లెంలో కాగితం మీద పలచగా పరచాలి. తీసేటప్పుడు మెత్తగా ఉన్నా భయపడనక్కర్లేదు, చల్లారాకే కరకరలాడతాయి. చల్లారాక కూడా వంగుతున్నాయంటే నీరు పూర్తిగా పోలేదని అర్థం. సన్నటి మంట మీద మరో రెండు నిమిషాలు వేయిస్తే సరిపోతుంది.

ఏ రంగు దగ్గర ఆపాలన్నది అది ఎక్కడికి వెళ్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మాంసం, పెరుగు, మసాలాతో కలిపి దమ్ పెట్టే బిరిస్తా ముదురు ఎరుపులో ఉండాలి. పెరుగులో నీళ్లు, పులుపు తగిలాక దానికి ఇక రంగు పెరగదు, ఉన్న రంగే గ్రేవీలోకి దిగుతుంది. పైన చల్లే బిరిస్తా దానికన్నా ఒక మెట్టు లేతగా ఉన్నా చాలు. కడాయిలో వేయించే ఉల్లిగడ్డలో టమాటా వేసే విషయంలోనూ ఇంతే. టమాటా వేసిన క్షణం కడాయి మళ్లీ నీళ్లతో నిండి వేడి వంద డిగ్రీల కిందికి పడిపోతుంది, రంగు రావడం అక్కడితో ఆగిపోతుంది. లేత బంగారు రంగులో టమాటా వేసి, తర్వాత అరగంట మగ్గించినా ఉల్లిగడ్డకు ఆ ఎరుపు రాదు. గ్రేవీకి ఎంత రంగు కావాలో అంతా టమాటా పడేలోపే తెచ్చుకోవాలి.